నా బొటనవేలు అడిగినట్టు సర్దుకున్న హోమ్ స్క్రీన్

ఒక చెల్లింపు వెళ్ళిందో లేదో చూడమని అక్క అడిగింది. నేను ఐఫోన్ చేతిలోకి తీసుకుని బ్యాంకు యాప్ కోసం హోమ్ స్క్రీన్‌ను ఎడమకు జరిపాను. మళ్ళీ జరిపాను. "డబ్బు" అని పేరు పెట్టుకున్న ఫోల్డర్ తెరిచాను, అందులో రెండో పేజీకి వెళ్ళాను. అక్కడా లేదు. "పనులు" అనే మరో ఫోల్డర్‌లో దొరికింది. ఎప్పుడు, ఎందుకు అక్కడ పెట్టానో గుర్తు లేదు.

"నీ ఫోనులో నువ్వే దారి తప్పుతున్నావేమిటి?" అంది అక్క.

నిజానికి ఆ ఫోను సర్దకుండా వదిలేసినదేమీ కాదు. అంతకుముందు రెండుసార్లు ఒక సాయంత్రమంతా కూర్చుని సర్దాను. మొత్తం ఐదు పేజీలు, పదకొండు ఫోల్డర్లు, నూటికి పైగా యాప్‌లు. ప్రయాణాలకు ఒక ఫోల్డర్, ఫోటోలకు ఒకటి, చదువుకు ఒకటి. చూడటానికి ముచ్చటగా ఉండేది. వారం తిరిగేసరికి మాత్రం ఏ యాప్ ఏ ఫోల్డర్‌లో ఉందో ఆలోచించాల్సి వచ్చేది. మ్యాప్ తెరవాలనుకున్నప్పుడు నా మనసులో "ప్రయాణం" అనే మాట రాదు, మ్యాప్ గుర్తు మాత్రమే వస్తుంది. వేలు నేరుగా ఆ గుర్తు ఉన్న చోటికి పోవాలి. రకాల వారీగా సర్దితే ప్రతిసారీ ముందు రకం తలచుకుని, తర్వాత వస్తువు వెతకాలి. లైబ్రరీలో పుస్తకాలకు అది సరిపోతుంది. రోజుకు ఎన్నోసార్లు చేతిలోకి వచ్చే పరికరానికి సరిపోదు.

అందుకని మూడోసారి మొదలుపెట్టేటప్పుడు ఒక్క ఐకాన్ కూడా కదపకుండా ముందు లెక్క తీశాను. ఐఫోన్‌లో "Screen Time" ఆన్‌లో ఉంటే ఈ లెక్క ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది, మనం చూడమంతే. సెట్టింగ్స్‌లో "Screen Time" తెరిచి "See All App & Website Activity" తాకితే, కిందికి వెళ్ళాక "Pickups" అనే భాగం కనిపిస్తుంది. రోజుకు ఎన్నిసార్లు ఫోను చేతిలోకి తీసుకున్నామో అక్కడ ఉంటుంది. దాని కింద "First Used After Pickup" అనే జాబితా ఉంటుంది, అంటే ఫోను తీయగానే ముందుగా ఏ యాప్ తెరిచామో దాని లెక్క. పైన ఉండే "Most Used" జాబితాను నేను పక్కన పెట్టాను. అది సమయాన్ని కొలుస్తుంది. రోజుకు ఒకసారి తెరిచి గంటసేపు వీడియో చూసిన యాప్ అందులో మొదట నిలుస్తుంది, కానీ దాన్ని నేను తెరిచింది ఒక్కసారే. ఐకాన్ ఎంత దగ్గర ఉండాలో చెప్పాల్సింది గడిపిన గంటలు కాదు, తెరిచిన సార్లు.

వారం రోజుల లెక్క చూస్తే కొంచెం సిగ్గనిపించింది. నూటికి పైగా యాప్‌లలో నేను ఫోను తీయగానే తెరిచేవి పద్నాలుగే. మిగతావాటి కోసం ఐదు పేజీలు మోస్తున్నాను.

ఆ జాబితాను ఉన్నదున్నట్టు తీసుకుంటే కూడా పొరపాటే జరిగేది. మొదటి స్థానంలో మెసేజీల యాప్ ఉంది. దానికి తెర అడుగున ఎప్పుడూ కనిపించే వరుసలో, అంటే డాక్‌లో, మంచి చోటు ఇవ్వబోయి ఆగాను. మెసేజీలను నేను ఐకాన్ తాకి తెరిచేది చాలా తక్కువ. నోటిఫికేషన్ వస్తుంది, దాన్నే తాకుతాను. లెక్కలో మాత్రం అదీ తెరిచినట్టే పడుతుంది. కెమెరా సంగతీ అంతే. లాక్ స్క్రీన్ మీద వేలితో ఎడమకు జరిపితే కెమెరా వచ్చేస్తుంది, నాకు అదే అలవాటు. అంటే ఈ రెండూ జాబితాలో పైన ఉన్నా, వాటి ఐకాన్లకు మంచి స్థలం అక్కర్లేదు. మరో రెండు రోజులు కాగితం మీద గీతలు పెట్టుకుని, హోమ్ స్క్రీన్ మీది ఐకాన్ తాకి తెరిచినవాటిని మాత్రం లెక్కించాను. కొంచెం వెర్రిగానే ఉంటుంది ఆ పని, ఇంట్లోవాళ్ళు అడిగితే ఏదో చెప్పి తప్పించుకున్నాను. కానీ అసలు పని చేసిపెట్టింది ఆ కాగితమే.

కాగితంలో మరో విషయం బయటపడింది. కొన్ని యాప్‌లను నేను ఏమీ చేయడానికి తెరవడం లేదు, చూసి మూసేస్తున్నాను. క్యాలెండర్ తెరిచి తర్వాతి సమావేశం ఎన్ని గంటలకో చూసి మూస్తాను. వాతావరణం తెరిచి వాన ఉందో లేదో చూసి మూస్తాను. హెడ్‌ఫోన్ల ఛార్జ్ కూడా అంతే. మ్యాప్, నోట్స్, బ్యాంకు, సంగీతం అలా కాదు, లోపలికి వెళ్ళి ఏదో ఒకటి చేయాలి. అక్కడే నా పని మూడు ముక్కలుగా విడిపోయింది. చూసి వదిలేసేవి విడ్జెట్లు కావాలి, అంటే యాప్ తెరవకుండానే హోమ్ స్క్రీన్ మీద సంగతి చూపించే పలకలు. లోపలికి వెళ్ళాల్సినవి ఐకాన్లుగా వేలికి అందాలి. ఈ రెండిట్లోనూ లేనివి హోమ్ స్క్రీన్ మీదే ఉండనక్కర్లేదు.

ఇక కొలతలు. ఐఫోన్‌లో ఒక పేజీకి నాలుగు వరుసల వెడల్పు, ఆరు వరుసల ఎత్తు, అంటే 24 చోట్లు. కింద డాక్‌లో మరో నాలుగు. చిన్న విడ్జెట్ నాలుగు ఐకాన్ల చోటు తింటుంది, మధ్యస్థం ఎనిమిది, పెద్దది పదహారు. ఈ అంకెలు తెలియక మొదటిసారి నేను క్యాలెండర్ పెద్ద విడ్జెట్ పెట్టేశాను, పేజీలో మూడింట రెండు వంతులు అదే ఆక్రమించింది. అది చూపించే నెల మొత్తం నాకు ఏ పూటా అవసరం లేదు. విడ్జెట్ పెట్టే ముందు "దీని వల్ల నేను తెరవడం మానేసే యాప్ ఏది?" అని నన్ను నేను అడగడం అప్పుడు అలవాటైంది. జవాబు లేకపోతే అది అలంకారమే. ఫోటోల విడ్జెట్ అలాగే పోయింది. అక్క ఫోనులో మాత్రం ఉంది, పిల్లల ఫోటోలు అందులో మారుతూ ఉంటాయి, ఆవిడకు అదే ముఖ్యం. అందులో నేను తప్పు పట్టేదేమీ లేదు.

మొదలుపెట్టే ముందు ఐదు పేజీలకూ స్క్రీన్‌షాట్లు తీసుకున్నాను. దీనికి కారణం రెండోసారి సర్దినప్పుడు తిన్న దెబ్బ. అప్పుడు విసుగెత్తి "Reset Home Screen Layout" తాకాను. కొత్త ఫోనులా శుభ్రంగా వస్తుందనుకున్నాను. వచ్చింది, కానీ నా ఫోల్డర్లన్నీ విడిపోయి, నేను దించుకున్న యాప్‌లన్నీ ఇంగ్లీషు అక్షర క్రమంలో పేజీల కొద్దీ పరుచుకున్నాయి. వెనక్కి తీసుకునే బటన్ ఏదీ లేదు. ఐక్లౌడ్ బ్యాకప్‌లో హోమ్ స్క్రీన్ అమరిక ఉంటుంది, కానీ దాని కోసం ఫోను మొత్తం చెరిపి మళ్ళీ నింపుకోవాలి. స్క్రీన్‌షాట్ ఉంటే కనీసం ఏది ఎక్కడ ఉండేదో చూసుకోవచ్చు.

ఆ తర్వాత చేసిన మొదటి పని సర్దడం కాదు, తీసేయడం. ఖాళీ చోట వేలు అదిమి పట్టుకుంటే ఐకాన్లు వణకడం మొదలవుతుంది. అప్పుడు కింద ఉన్న చుక్కల మీద తాకితే పేజీలన్నీ చిన్న బొమ్మలుగా కనిపిస్తాయి. ప్రతి పేజీ కిందా ఒక టిక్ గుర్తు ఉంటుంది. దాన్ని తీసేస్తే ఆ పేజీ కనిపించకుండా పోతుంది, యాప్‌లు మాత్రం ఫోనులోనే ఉంటాయి. మూడు, నాలుగు, ఐదు పేజీల టిక్కులు తీసేశాను. రెండు నిమిషాల పని. పేజీని శాశ్వతంగా తొలగించే వీలు కూడా అక్కడే ఉంది, టిక్ తీశాక ఆ బొమ్మ మూలన మైనస్ గుర్తు వస్తుంది. నేను దాని జోలికి వెంటనే పోలేదు. వారం రోజులు దాచి ఉంచి, ఏది వెతుక్కున్నానో చూశాక తొలగించాను. ఆ వారంలో దాచిన పేజీల నుంచి నాకు కావాల్సి వచ్చినవి మూడు యాప్‌లే. వాటిని కూడా వెతికి తెరిచాను. హోమ్ స్క్రీన్ మధ్యలో వేలితో కిందికి లాగితే వెతికే పెట్టె వస్తుంది, మొదటి రెండు అక్షరాలు కొడితే చాలు. అన్ని పేజీలూ దాటాక చివర ఉండే యాప్ లైబ్రరీలో కూడా ప్రతి యాప్ దొరుకుతుంది.

విడివిడిగా ఐకాన్లు తీసేసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మైనస్ గుర్తు తాకగానే "Delete App", "Remove from Home Screen" అని రెండు మాటలు వస్తాయి. మొదటిది యాప్‌నే చెరిపేస్తుంది. ఆ యాప్ తన సమాచారాన్ని ఫోనులోనే ఉంచుకునే రకమైతే అదీ పోతుంది. చెయ్యి వేగంగా కదిలే సమయంలో ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. నాకు ఒక చిన్న ఖర్చుల లెక్క ఇలాగే పోయింది. రెండు నెలలది, పెద్ద నష్టమేమీ కాదు, కానీ ఆ తర్వాత ప్రతిసారీ ఆగి చదువుతున్నాను.

కొత్తగా దించుకునే యాప్‌ల సంగతి కూడా అప్పుడే తేల్చేశాను. సెట్టింగ్స్‌లో "Home Screen & App Library" లోపల "App Library Only" ఎంచుకుంటే కొత్త యాప్ హోమ్ స్క్రీన్ మీదికి రాదు. ఇది చేయకపోతే ఎంత బాగా సర్దినా రెండు నెలల్లో చివరి పేజీ మళ్ళీ పుట్టుకొస్తుంది.

ఇక మొదటి పేజీ. నేను ఫోనును కుడి చేత్తో పట్టుకుంటాను, బొటనవేలితో తాకుతాను. ఇదివరకు ఐఫోన్లలో ఐకాన్లు ఎడమ పై మూల నుంచి వరుసగా నిండేవి, మధ్యలో ఖాళీ వదిలే వీలే లేదు. కుడి చేతి బొటనవేలికి అన్నిటికంటే దూరమైన చోటు అదే. 2024లో వచ్చిన ఐఓఎస్ 18 నుంచి ఐకాన్‌ను ఎక్కడైనా వదలవచ్చు, చుట్టూ ఖాళీ ఉన్నా నిలబడుతుంది. నా సర్దుబాటు మొత్తం ఈ ఒక్క సౌకర్యం మీద ఆధారపడింది. మీ ఫోనులో అంతకంటే పాతది ఉంటే పై వరుసలను విడ్జెట్లతో నింపండి, ఐకాన్లు వాటంతట అవే కిందికి దిగుతాయి. 2020లో విడ్జెట్లు హోమ్ స్క్రీన్ మీదికి వచ్చినప్పటి నుంచి చాలామంది చేసిన ఉపాయం అదే.

పై రెండు వరుసల్లో క్యాలెండర్ మధ్యస్థ విడ్జెట్ పెట్టాను. దాన్ని కళ్ళతో చూస్తే చాలు, వేలు అందనక్కర్లేదు, కాబట్టి దూరపు చోటు దానికే ఇచ్చాను. దాని కింది రెండు వరుసల్లో ఎడమవైపు వాతావరణం చిన్న విడ్జెట్, కుడివైపు రిమైండర్ల చిన్న విడ్జెట్. రిమైండర్లు కుడివైపు ఉండటానికి కారణం ఉంది. 2023లో వచ్చిన ఐఓఎస్ 17 నుంచి కొన్ని విడ్జెట్లలో నేరుగా పని చేయవచ్చు. రిమైండర్ పక్కన ఉన్న చిన్న వృత్తాన్ని తాకితే యాప్ తెరవకుండానే ఆ పని పూర్తయినట్టు నమోదవుతుంది. అంటే దాన్ని నా వేలు తాకుతుంది, వాతావరణాన్ని తాకదు. మిగిలిన కింది రెండు వరుసల్లో ఎనిమిది ఐకాన్లు. నా కాగితం మీద ఎక్కువ గీతలు పడినవి కుడి చివర, తక్కువ పడినవి ఎడమ చివర. మ్యాప్, నోట్స్, బ్యాంకు ఈ మూడూ నా బొటనవేలు సహజంగా వాలే చోటనే ఉన్నాయి.

డాక్‌లో ఏం పెట్టాలనేది వేరే ప్రశ్న. డాక్ ప్రతి పేజీలోనూ కనిపిస్తుంది కాబట్టి అక్కడ ఉండాల్సింది ఎక్కువగా వాడేది అని అందరూ అంటారు. నా లెక్క అలా తేలలేదు. ఎక్కువగా వాడేవి మొదటి పేజీలోనే ఉన్నాయి, ఫోను తెరవగానే కనిపించేది అదే, ఏ పేజీలో ఉన్నా కింది నుంచి పైకి జరిపితే మొదటి పేజీకే వస్తుంది. కాబట్టి డాక్‌లో ఫోను, బ్రౌజర్, సంగీతం పెట్టి, నాలుగో చోట ఒక ఫోల్డర్ పెట్టాను. డాక్‌లో ఫోల్డర్ పెట్టవచ్చని చాలామందికి తెలియదు. ఇంతకీ నా హోమ్ స్క్రీన్ మీద మిగిలిన ఒకే ఒక్క ఫోల్డర్ అదే.

ఆ ఫోల్డర్‌కు ఒక నియమం పెట్టుకున్నాను, తొమ్మిది దాటకూడదు. ఫోల్డర్ లోపల ఒక పేజీలో తొమ్మిది ఐకాన్లే పడతాయి, పదోది రెండో పేజీకి వెళుతుంది. బయట కనిపించే చిన్న బొమ్మలో కూడా ఆ తొమ్మిదే ఉంటాయి. పదోదాన్ని వెతకాలంటే తెరవాలి, జరపాలి, చూడాలి, తాకాలి. అప్పటికి రెండు అక్షరాలు కొట్టి వెతికినా దొరికేది. అక్క ముందు నేను పరువు పోగొట్టుకున్నది సరిగ్గా అలాంటి రెండో పేజీలోనే.

ఎనిమిది ఐకాన్లను ఒక్కొక్కటిగా ఈడ్చుకుని రావడం నరకం. దారిలో వేరే ఐకాన్ మీద క్షణం ఆగితే రెండూ కలిసి ఫోల్డర్ అయిపోతాయి. పేజీ అంచు దగ్గర ఆగితే తర్వాతి పేజీకి ఎగిరిపోతుంది. దీనికి మార్గం ఒకటి ఉంది. ఐకాన్లు వణుకుతున్నప్పుడు ఒకదాన్ని వేలితో పట్టి కొంచెం కదిపి, అలాగే పట్టుకుని, రెండో చేతి వేలితో మిగతావాటిని ఒక్కొక్కటే తాకాలి. అవన్నీ వచ్చి మొదటిదాని కింద కట్టగా చేరతాయి. మళ్ళీ ఆ రెండో వేలితోనే పేజీ మార్చి, కావాల్సిన చోట కట్ట వదిలేయవచ్చు. ఇది తెలిశాక అరగంట పని ఐదు నిమిషాల్లో ముగిసింది.

విడ్జెట్ పెట్టేటప్పుడు మరో చికాకు. నిండిన పేజీలో విడ్జెట్ వదిలితే అక్కడి ఐకాన్లు పక్కకు తప్పుకుంటాయి, చోటు చాలకపోతే చివరివి తర్వాతి పేజీకి పోతాయి. ఐకాన్లు ముందు సర్ది, తర్వాత విడ్జెట్ పెడితే చేసిందంతా చెదిరింది. అందుకని పేజీని ఖాళీ చేసి, ముందు విడ్జెట్లు పెట్టి, తర్వాత ఐకాన్లు తెచ్చాను. పనుల జాబితా యాప్ ఒకటి కొత్తగా దించుకున్నప్పుడు దాని విడ్జెట్ జాబితాలో ఎంతకీ కనిపించలేదు. పాడైందనుకుని తీసేసి మళ్ళీ దించాను. తప్పు నాదే, యాప్‌ను కనీసం ఒకసారి తెరిస్తే గాని దాని విడ్జెట్ జాబితాలో చేరదు.

ఇలా సర్దిన మొదటి వారం అంత సుఖంగా ఏమీ గడవలేదు. బ్యాంకు యాప్ కోసం నా వేలు పాత అలవాటుతో రెండో పేజీకి జరిపేది. అక్కడ అది లేదని చూసి వెనక్కి వచ్చేవాణ్ణి. నాలుగైదు రోజుల తర్వాత అది పోయింది. పోనిది మరొకటి, స్టాక్.

ఒకే పరిమాణం ఉన్న విడ్జెట్లను ఒకదాని మీద ఒకటి వదిలితే స్టాక్ అవుతుంది. పదింటి దాకా పేర్చవచ్చు, వేలితో పైకీ కిందికీ జరిపి మార్చుకోవచ్చు. చోటు ఆదా అవుతుందని క్యాలెండర్ మీద బ్యాటరీలు, సంగీతం, వార్తలు పేర్చాను. మర్నాడు తర్వాతి సమావేశం సమయం చూద్దామని తలెత్తితే అక్కడ వార్తలు ఉన్నాయి. సాయంత్రం సంగీతం. సమావేశానికి ఐదు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాక కారణం వెతికాను. స్టాక్‌లో "Smart Rotate" అనే అమరిక మొదటి నుంచీ ఆన్‌లో ఉంటుంది. ఏ సమయంలో ఏది చూస్తామో ఊహించి, ఫోను తనంతట తానే పై విడ్జెట్‌ను మారుస్తుంది. ఊహ కొన్నిసార్లు సరిగ్గానే ఉంటుంది, అయినా నాకు పనికిరాదు. విడ్జెట్ విలువ అంతా ఒకే చోట ఒకే సంగతి కనిపించడంలో ఉంది. మారే విడ్జెట్‌ను ముందు గుర్తుపట్టాలి, తర్వాత చదవాలి. స్టాక్ మీద వేలు అదిమి పట్టుకుని "Edit Stack" తెరిచి, "Smart Rotate" ఆపేశాను. దాని పక్కనే ఉన్న "Widget Suggestions" కూడా ఆపాను, ఎందుకంటే అది నేను పెట్టని విడ్జెట్లను కూడా తెచ్చి చూపిస్తుంది. వార్తలూ సంగీతమూ తీసేశాను. ఇప్పుడు స్టాక్‌లో రెండే ఉన్నాయి. పైన క్యాలెండర్, కింద బ్యాటరీలు. హెడ్‌ఫోన్ల ఛార్జ్ చూడాలంటే ఒకసారి జరుపుతాను.

రెండో సమస్య విడ్జెట్ పాతబడిన సమాచారం చూపించడం. నేను కంప్యూటర్‌లో పని పూర్తి చేసి జాబితాలో కొట్టేసినా, ఆ కొత్త యాప్ విడ్జెట్‌లో అరగంట దాకా అది అలాగే కనిపించేది. ఇంటర్నెట్ బాగా లేదనుకున్నాను. అసలు సంగతి వేరే. విడ్జెట్ అనేది ఎప్పుడూ నడుస్తూ ఉండే యాప్ కాదు, అప్పుడప్పుడు తీసి పెట్టే చిత్రం లాంటిది. బ్యాటరీ కాపాడటానికి ఫోను ఒక్కో విడ్జెట్‌కు రోజుకు ఇన్నిసార్లే తాజా అయ్యే అవకాశం ఇస్తుంది. తరచుగా చూసే విడ్జెట్‌కు అది సాధారణంగా రోజుకు 40 నుంచి 70 సార్లు, అంటే 15 నిమిషాల నుంచి గంట లోపు ఒకసారి. యాప్‌ను తెరిస్తే మాత్రం సమాచారం వెంటనే మారుతుంది. అది తెలిశాక ఏ సంగతికి విడ్జెట్ పనికొస్తుందో తేలికగా తేలింది. క్యాలెండర్ గంటల్లో మారేది, సరిపోతుంది. వాతావరణమూ సరే. నిమిషాల్లో మారేదేదైనా, ఉదాహరణకు ఎవరైనా ఎంత దూరంలో ఉన్నారో చూడటం, యాప్ తెరిచే చూడాలి. ఆ పనుల జాబితా యాప్‌ను వదిలేసి ఫోనుతో వచ్చిన రిమైండర్లకు మారాను.

రిమైండర్ల విడ్జెట్‌కూ ఒక లోపం ఉంది. చిన్న వృత్తాలు, పెద్ద బొటనవేలు. విడ్జెట్‌లో వృత్తం బదులు పేరు తాకితే యాప్ తెరుచుకుంటుంది, పేరు బదులు వృత్తం తాకితే చేయని పని చేసినట్టు నమోదవుతుంది. ఫోను తీసి జేబులో పెట్టుకునే తొందరలో ఒకసారి ఒక ఫోను కాల్ "చేసేశాను". తర్వాత ఆ కాల్ రావాల్సిన ఆవిడే నాకు ఫోను చేసి అడిగింది. కొంచెం ఆగి తాకడం మొదలుపెట్టాక అలా జరగలేదు.

రెండో పేజీ సంగతి కూడా చెప్పాలి. అది మామూలుగా కనిపించదు. పని వేళల్లో నాకు మెయిల్, ఫైళ్ళు, సమావేశాల యాప్, స్కానర్ కావాలి. సాయంత్రం వాటి మొహం చూడాలని లేదు. అందుకని వాటితో ఒక పేజీ తయారుచేసి, టిక్ తీసి దాచాను. తర్వాత సెట్టింగ్స్‌లో "Focus" తెరిచి, "Work" లోపల హోమ్ స్క్రీన్‌గా ఆ దాచిన పేజీని ఎంచుకున్నాను. దానికే సమయం కూడా పెట్టాను. ఉదయం ఆ సమయానికి పని పేజీ వస్తుంది, సాయంత్రం పోయి మామూలు పేజీ వస్తుంది.

మొదటి రోజు ఉదయం ఫోను తీసి చూస్తే మ్యాప్ లేదు, బ్యాంకు లేదు, ఎనిమిది ఐకాన్లూ మాయం. ఫోకస్ ఆన్‌లో ఉన్నప్పుడు ఎంచుకున్న పేజీ తప్ప మిగతావి కనిపించవనే సంగతి నేనే పెట్టి నేనే మరిచిపోయాను. మ్యాప్, బ్యాంకు, నోట్స్ పని వేళల్లో కూడా కావాలి. అప్పుడు గుర్తొచ్చింది, ఒకే యాప్ ఐకాన్‌ను రెండు పేజీల్లో పెట్టుకోవచ్చు. యాప్ లైబ్రరీ నుంచి ఐకాన్‌ను పట్టి పని పేజీలోకి తెచ్చాను, పాత చోటది అక్కడే ఉంది. మామూలు పేజీలో ఏ వరుసలో ఏ మూల ఉందో పని పేజీలో కూడా సరిగ్గా అక్కడే పెట్టాను. లేకపోతే వేలు రోజుకు రెండుసార్లు మళ్ళీ నేర్చుకోవాలి. క్యాలెండర్ విడ్జెట్ కూడా రెండు పేజీల్లోనూ ఒకే చోట ఉంది.

ఐకాన్ల రంగులు మార్చడం, పేర్లు తీసేసి పెద్దవి చేయడం లాంటివి కూడా ఐఓఎస్ 18లో వచ్చాయి. అన్నిటికీ ఒకే రంగు వేసి చూశాను. అందంగానే ఉంది, కానీ నా కళ్ళు ఐకాన్‌ను రంగుతోనే పట్టుకుంటాయని అప్పుడు తెలిసింది. నోట్స్ పసుపు పోయాక నోట్స్‌ను వెతకాల్సి వచ్చింది. మర్నాడే తీసేశాను. పెద్ద ఐకాన్లు మాత్రం ఉంచుకున్నాను. ఉన్నవి ఎనిమిదే, అవి ఎక్కడున్నాయో వేలికి తెలుసు, కింద పేర్లు ఎవరి కోసం?

నెల తర్వాత మళ్ళీ కాగితం తీసి రెండు రోజులు గీతలు పెట్టాను. క్యాలెండర్‌ను ఇదివరకు రోజుకు తొమ్మిది పదిసార్లు తెరిచేవాణ్ణి, ఇప్పుడు ఒకటి రెండుసార్లు, అదీ కొత్త సమావేశం రాసుకోవడానికి. వాతావరణం అసలు తెరవలేదు. బ్యాంకుకు ఒక్క తాకిడి చాలుతోంది. కింది వరుసలో ఎడమ చివర పెట్టిన పుస్తకాల యాప్‌కు మాత్రం రెండు రోజుల్లో ఒక్క గీత కూడా పడలేదు. చదువుతాననే ఆశతో పెట్టుకున్నది అది, వాడకం చూసి పెట్టింది కాదు. దాన్ని యాప్ లైబ్రరీకి పంపి ఆ చోటు ఖాళీగా వదిలేశాను.

మొన్న అక్క వచ్చినప్పుడు ఆవిడ ఫోను నా చేతికిచ్చి, తనదీ సర్దమంది. ఎడమ చేత్తో వాడుతుంది ఆవిడ. నా పేజీని అలాగే అక్కడ పెట్టబోయి ఆగి, ముందు ఒక కాగితం, పెన్సిల్ ఇచ్చాను. ఇంకా గీతలు పెడుతోంది.